సమోసా ఎందుకు తినలేదు?

పోయినేడాది వేసవి సెలవుల ముందు మా కాలనీలోని పిల్లల లైబ్రరీవాళ్ళు నాకొక పని అప్పజెప్పారు. హిందీలో జనం నోట ఆడే పొడుపు కథలు, నాలుక తిరగని వాక్యాలు కలిపి నలభై ఏరి, తెలుగులో పెట్టివ్వమన్నారు. ఎడమ పేజీలో హిందీ, కుడి పేజీలో తెలుగు. లైబ్రరీకి వచ్చే పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు దాదాపు సమానం. ఒకళ్ళ ఆట ఇంకొకళ్ళు ఆడుకోవాలన్నది వాళ్ళ కోరిక. పదిహేనేళ్ళుగా హిందీ నుంచి అనువాదాలు చేస్తున్నాను కదా, పది రోజుల్లో అయిపోతుందనుకున్నాను. రెండున్నర నెలలు పట్టింది.

మొదటి వారంలోనే పన్నెండు పూర్తిచేసి, ఒక ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. అందులో ఒకటి పాతకాలపు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో పేరు మీద నడిచే 'దో సుఖనే'. అంటే రెండు ప్రశ్నలకు ఒకటే జవాబు. 'సమోసా క్యోం న ఖాయా? జూతా క్యోం న పహనా?' జవాబు: 'తలా న థా.' హిందీలో 'తలా' అంటే నూనెలో వేగినది, చెప్పు అడుగుభాగం కూడా. సమోసా వేగలేదు, జోడుకు అడుగు లేదు. నేను దాన్ని 'సమోసా ఎందుకు తినలేదు? చెప్పులెందుకు తొడుక్కోలేదు?' అని పెట్టి, జవాబు దగ్గర 'వేగలేదు, అడుగు లేదు' అని రాసి, కింద మూడు లైన్ల వివరణ ఇచ్చాను. పిల్లలు మర్యాదగా విన్నారు. చివరికి ఒక పాప, "ఆంటీ, ఇవి రెండు జవాబులు కదా?" అంది.

ఆ మాటతో పన్నెండూ పక్కన పెట్టేశాను. ఆ పొడుపు కథలో ఉన్నదల్లా రెండు ప్రశ్నలు వచ్చి ఒక్క మాట మీద కూర్చోవడమే. నేను సమోసానూ చెప్పునూ జాగ్రత్తగా మోసుకొచ్చి, ఆ కూర్చునే పీటను అక్కడే వదిలేశాను.

తర్వాత రెండు రోజులు ఒక్క అనువాదమూ చేయలేదు. నలభై ముక్కలూ ముందు పెట్టుకుని, ఒక్కోదాని పక్కన 'ఆట ఎక్కడుంది?' అని మాత్రమే రాసుకున్నాను. అప్పుడు తేలిన ఒక తేడా మిగతా పనంతటికీ దారి చూపించింది. అదే ఖుస్రో పేరు మీద ఇంకోటి ఉంది: 'రోటీ జలీ క్యోం? ఘోడా అడా క్యోం? పాన్ సడా క్యోం?' జవాబు: 'ఫేరా న థా.' రొట్టె ఎందుకు మాడింది? గుర్రం ఎందుకు మొరాయించింది? తమలపాకు ఎందుకు కుళ్ళింది? తిప్పలేదు! పెనం మీద రొట్టెను తిప్పలేదు, గుర్రాన్ని బయట తిప్పలేదు, బుట్టలో ఆకుల్ని తిప్పలేదు. ఒక్క అక్షరం కూడా కష్టపడకుండా తెలుగులోకి వచ్చేసింది.

ఇది ఎందుకు వచ్చింది, అది ఎందుకు రాలేదు? 'ఫేర్‌నా' అన్న మాటలో మూడు అర్థాలున్నా అవి ఒకే చెట్టు కొమ్మలు. తిప్పడం అన్న పని ఒకటే, దాన్ని రొట్టెకూ గుర్రానికీ ఆకుకూ వాడారు. మనమూ అలాగే వాడతాం. 'తలా' అలా కాదు. వేగడానికీ చెప్పు అడుగుకూ ఏ చుట్టరికమూ లేదు, హిందీలో ఆ రెండు మాటలూ ఒకేలా వినిపించడం కేవలం యాదృచ్ఛికం. అదే కలయిక ఇంకో భాషలో మళ్ళీ జరుగుతుందని ఆశించలేం. అప్పటి నుంచి ప్రతి పొడుపు కథకూ మొదట ఇదే పరీక్ష పెట్టాను. రెండు అర్థాలూ చుట్టాలైతే నేరుగా ప్రయత్నించడం. కాకపోతే ఆ మాటలు వదిలేసి, తెలుగులో అలా అనుకోకుండా కలిసిన మాటల కోసం వెతకడం.

వెతకడానికి నిఘంటువు పెద్దగా పనికి రాలేదు. ఇంట్లో పనులు చేసుకుంటూ చెవి పెట్టి వినడమే పనికొచ్చింది. ఒక సాయంత్రం దండెం మీది బట్టలు తీస్తుంటే మా అత్తగారు లోపల్నుంచి "ఆరాయా?" అని అడిగారు. చొక్కా ఆరుతుంది, దీపమూ ఆరుతుంది. అక్కడికక్కడే రాసుకున్నాను: 'చొక్కా ఎందుకు మడతపెట్టావు? గది ఎందుకు చీకటైంది?' జవాబు: 'ఆరింది.' రెండోది శనివారం గుళ్ళో దొరికింది. 'భజన ఎందుకు చెడింది? ఇంట్లో దొంగలెలా పడ్డారు?' జవాబు: 'తాళం వేయలేదు.' దీన్ని పిల్లల ముందు చదివినప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు. ఒక క్షణం ఆగి, అందరూ ఒకేసారి నవ్వారు. జవాబు విన్నాక పిల్లవాడు "ఎందుకు?" అంటే శ్లేష చేరలేదన్నట్టే. ఆ తర్వాత నేను ఎంత వివరించినా లాభం లేదు. అందుకే వివరణలన్నీ తీసేశాను. సమోసా పేజీకి ఎదురుగా చొక్కా, దీపం వచ్చాయి. వస్తువులు మారినా ఆట అదే.

నాలుక తిరగని వాక్యాలది వేరే కథ. వాటిలో అర్థం పేరుకే ఉంటుంది. 'కచ్చా పాపడ్, పక్కా పాపడ్' తీసుకోండి. 'పచ్చి అప్పడం, కాల్చిన అప్పడం' అంటే అప్పడాల సంగతి తెలుస్తుంది గానీ నాలుకకు పనే లేదు. ముందు ఆ హిందీ వాక్యాన్ని నేనే పదిసార్లు వేగంగా అని, ఎక్కడ తడబడుతున్నానో చూసుకున్నాను. నాలుగోసారికి 'పచ్చా పాపడ్, కక్కా పాపడ్' అయిపోతోంది. అంటే చిక్కంతా క, ప చోటు మార్చుకోవడంలో ఉంది. పైగా రెండు మాటల్లోనూ మధ్యన ద్విత్వం, అచ్చులూ ఒకటే. నోటికి గుర్తు పట్టుకోవడానికి వేరే ఆధారం లేదు.

ఇక నాకు కావలసింది తెలిసిపోయింది: క, ప ఎదురెదురుగా ఉండాలి, ద్విత్వాలుండాలి, తిండి సంగతైతే ఇంకా మంచిది. నాలుగు చిత్తుప్రతులు పోయాక ఇది నిలబడింది: 'పప్పు పక్క కప్పు, కప్పు పక్క పప్పు.' ఆగకుండా ఐదుసార్లు అనమంటే ఎనిమిదేళ్ళ మా అక్క కొడుకు మూడోసారికే 'కప్పు కక్క పప్పు' దగ్గర ఇరుక్కున్నాడు. తడబడకుండా ఐదుసార్లూ అనేస్తే అది పనికిరాదు. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సివచ్చినా పనికిరాదు, అది నాలుకకు కాక ఊపిరితిత్తులకు పెట్టిన పరీక్ష అవుతుంది. ఈ రెండు కొలతలతోనే నా చిత్తు వాక్యాలు తొమ్మిది కొట్టేశాను.

నాలుక తిరగని వాక్యాల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది చందూ చాచా. చందూ వాళ్ళ చాచా, చందూ వాళ్ళ చాచీకి చాందినీ చౌక్‌లో చాందీ చమ్చాతో చట్నీ చటాయించడం. అన్నీ 'చ'లే. బాబాయి, పిన్ని అంటే మొదట్లోనే ఆట పోతుంది. మా తెలంగాణ ఇళ్ళలో వాడే చిన్నాన్న, చిన్నమ్మ ఆదుకున్నారు. చాందినీ చౌక్ బదులు చార్మినార్ చౌరస్తా. వెండిని వదిలేసి చిన్న చెంచా. చివరి క్రియ 'చప్పరించింది' అని పెట్టుకుని సంతోషపడ్డాను. కాగితం మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంది. నోటితో అంటే మాత్రం చివర్లో ఏదో జారిపోతోంది.

కారణం మన 'చ'లోనే ఉంది. రాసేది ఒకే అక్షరం గానీ పలికేవి రెండు. చిన్న, చెంచా, చింత అన్నప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది. చప్పరించు, చల్ల, చాప, చుక్క అన్నప్పుడు పళ్ళ దగ్గరికి వస్తుంది. పాత పుస్తకాల్లో రెండోదాన్ని ౘ అని వేరే గుర్తుతో వేసేవారు. అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏల ముందు మొదటిదీ, అ, ఉ, ఒ లాంటివాటి ముందు రెండోదీ మామూలుగా వస్తాయి. చందు, చార్మినార్, చట్నీ బయటి నుంచి వచ్చిన మాటలు కాబట్టి 'అ' ఉన్నా మొదటి చ తోనే పలుకుతాం. కంటికి ప్రాస కుదిరింది, చెవికి కుదరలేదు. దాంతో 'చప్పరించు' పోయింది. చివరికి నిలిచింది ఇది: 'చందు చిన్నాన్న చందు చిన్నమ్మకు చార్మినార్ చౌరస్తాలో చిన్న చెంచాడు చింతచిగురు చట్నీ చేతికిచ్చాడు.' అప్పటి నుంచి నేను రాసిన ఏ వాక్యాన్నీ బయటికి అనకుండా ఒప్పుకోలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, దీపం పొడుపు కథ ఒక ఎత్తు. ఇదీ ఖుస్రో పేరు మీదే ఉంది. 'బాలా థా జబ్ సబ్ కో భాయా, బఢా హువా కుఛ్ కామ్ న ఆయా, ఖుస్రో కహ్ దియా ఉస్ కా నావ్...' ఇందులో రెండు ఆటలున్నాయి. 'బాలా' అంటే పిల్లవాడు, వెలిగించినది కూడా. 'బఢా' అంటే పెరిగినది, దీపాన్ని ఆర్పడానికి వాడే శుభమైన మాట కూడా. చిన్నప్పుడు అందరికీ నచ్చాడు, పెద్దయ్యాక పనికి రాలేదు అన్నట్టు వినిపిస్తుంది. రెండో ఆట, 'కహ్ దియా', అంటే చెప్పేశాను. ఆ 'దియా'లోనే జవాబు, దీపం, కూర్చుని ఉంది.

రెండూ ఒకచోట తేవాలని మూడు వారాలు తంటాలు పడ్డాను. మొదటి ఆటకు తెలుగులో మంచి మాటే ఉంది. దీపం ఆరిందని అనకూడదని మన ఇళ్ళలో కొండెక్కిందంటారు. 'ఇంట్లో ఉన్నంతసేపూ అందరికీ కావాలి, కొండెక్కితే ఎవరికీ కనబడదు.' ఇది దీపమే, శ్లేషా అదే రకం. కానీ దీపం అన్న పేరును వాక్యంలో దాచడం నా వల్ల కాలేదు. దివ్వె, ప్రమిద, జ్యోతి, ఏదీ ఇమడలేదు. పేరు దాచే ఆట కావాలంటే వస్తువునే మార్చాలి. అలా వచ్చింది ఇది:

మట్టిలో పుట్టింది, చక్రమెక్కి తిరిగింది,
నిప్పుల్లో కాలింది, నీళ్ళను చల్లబరిచింది,
పేరు చెప్పకుండా చెప్పేశాను,
ఏమిటో చెప్పుకోండి చూద్దాం!

జవాబు 'చెప్పకుండా'లోనే ఉంది. పేజీలో ఒక్కదానికే చోటుంది. దీపాన్ని ఉంచి దాగుడుమూతలు పోగొట్టుకోవాలా, దాగుడుమూతలు ఉంచి దీపాన్ని పోగొట్టుకోవాలా? పిల్లల పుస్తకం కాబట్టి కుండనే వేశాను. పెద్దల కోసమైతే కొండెక్కిన దీపాన్నే వేసేదాన్ని, ఎందుకంటే దానిలో ఇంటి మాట ఉంది. నలభైలో నాలుగింటికి ఏ దారీ దొరకలేదు. వాటిని అరకొరగా వేయకుండా తీసేసి, మన పొడుపు కథలే నాలుగు పెట్టాను.

పుస్తకం వచ్చిన వారానికి లైబ్రరీకి వెళ్తే, రెండు జవాబులని నన్ను పట్టుకున్న పాపే ఎదురొచ్చింది. "ఆంటీ, నేనొకటి చేశాను. పతంగి ఎందుకు ఎగరలేదు? సైకిలెందుకు కదల్లేదు?" అంది. నేను ఆలోచించేలోపే పక్కనున్న ఉర్దూ పిల్లవాడు "హవా నహీ థీ!" అని అరిచాడు. "గాలి లేదు అనాలిరా," అని పాప వాడి మీద అలిగింది.