మొదటి పీరియడ్ చిక్కు: మా ఉన్నత పాఠశాల టైం టేబుల్ వేసిన అనుభవం

విజయనగరం జిల్లాలో రాజాం వైపు ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను గణితం చెబుతాను. జూన్‌లో బడి తెరవగానే హెడ్మాస్టర్ గారు టైం టేబుల్ బాధ్యత నాకు అప్పగించారు. ఆరు, ఏడు తరగతులకు ఒక్కో సెక్షను, ఎనిమిది నుంచి పది వరకు రెండేసి, మొత్తం 8 సెక్షన్లు. రోజుకు 8 పీరియడ్ల చొప్పున వారానికి ఒక్కో సెక్షనుకు 48, బడి మొత్తానికి 384 పీరియడ్లు అవుతాయి. వాటిని పంచుకోవలసినవాళ్లం 12 మందిమి: తెలుగు, ఇంగ్లీషు, గణితం, సాంఘికం చెప్పేవాళ్లు ఇద్దరేసి, హిందీ మాస్టారు, ఫిజికల్ సైన్సు చెప్పే పి.ఎస్. మేడమ్, బయాలజీ చెప్పే బి.ఎస్. మాస్టారు, ఆటలు ఆడించే పి.ఇ.టి. గారు ఒక్కొక్కరు.

ముందుగా సబ్జెక్టుల వారీగా వాటాలు తేల్చాను. గణితం సెక్షనుకు 8 చొప్పున 64, కనుక మా ఇద్దరికీ 32 చొప్పున వచ్చాయి. హిందీ సెక్షనుకు 4, అంటే అవీ 32. తెలుగు, ఇంగ్లీషు, సాంఘికం సెక్షనుకు ఆరేసి కావడంతో ఆ ఆరుగురికీ 24 చొప్పునే పడ్డాయి. లైబ్రరీ, డ్రాయింగ్, పర్యవేక్షణలో చదువు వంటివి 48 మిగిలితే వాటిని ఆ ఆరుగురికీ ఎనిమిదేసి ఇచ్చి వాళ్లనూ 32కు చేర్చాను. పి.ఇ.టి. గారికి 24. సైన్సు దగ్గర మాత్రం లెక్క లొంగలేదు. పై తరగతుల 6 సెక్షన్లకు ఐదేసి, కింది తరగతుల 2 సెక్షన్లలో జనరల్ సైన్సు మూడేసి కలిపి ఇద్దరికీ 36 చొప్పున తేలింది. వేరే సబ్జెక్టు వాళ్లకు సైన్సు పాఠం అప్పగించడం నాకు ఇష్టం లేదు కనుక ఆ 36ను అలాగే ఉంచి, వాళ్లకు పాఠం లేని లీజర్ పీరియడ్లు పనికొచ్చే చోట పడేలా చూడాలని నిశ్చయించుకున్నాను.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మా బడిలో ఎప్పటినుంచో మొదటి పీరియడ్ క్లాస్ టీచర్‌దే. హాజరు వేయడం, మధ్యాహ్న భోజనానికి ఎంతమంది ఉన్నారో చెప్పడం అప్పుడే అయిపోతాయని ఆ పద్ధతి పెట్టారు. ఒక సెక్షనులో రోజూ మొదటి పీరియడ్ తీసుకోవాలంటే ఆ సెక్షనులో వారానికి కనీసం 6 పీరియడ్లు ఉండాలి. అవి ఉన్నది తెలుగు, ఇంగ్లీషు, సాంఘికం, గణితం వాళ్లకు. వాళ్లు సరిగ్గా ఎనిమిది మంది, సెక్షన్లూ ఎనిమిదే. మిగిలిన నలుగురూ, అంటే హిందీ, పి.ఎస్., బి.ఎస్., పి.ఇ.టి., ప్రతిరోజూ మొదటి పీరియడ్ ఖాళీగా ఉండక తప్పదు.

ఖాళీ దొరికిందంటే మంచిదే కదా అనిపించవచ్చు. కానీ 36 పీరియడ్లున్న మనిషికి రోజుకు ఉండేవి రెండే లీజర్లు. అందులో ఒకటి ఇంకా పని మొదలుకాకముందే, ప్రార్థన ముగిసిన వెంటనే పోతుంది. ఆ తర్వాతి ఏడింటిలో ఆరు చెప్పాలి. పి.ఎస్. మేడమ్‌కు రోజూ ఒక్కో సెక్షనుకు 5, 6 పీరియడ్లు కలిపి ల్యాబ్ ఉంటుంది. మిగిలిన ఒక్క లీజరును 4వ పీరియడ్‌లో పెడితే బ్యూరెట్లు, స్టాండ్లు, ద్రావణాలు సర్దుకునే వీలుంటుంది, కానీ మధ్యాహ్నం నాలుగు పీరియడ్లూ వరుసగా నిలబడాలి. 7వ పీరియడ్‌లో పెడితే ఊపిరి తీసుకోవచ్చు, కానీ ల్యాబ్ సర్దుకోవడానికి భోజనం మానుకోవాలి. "ల్యాబ్‌కు ముందు ఒక పీరియడ్ ఇవ్వండి మాస్టారూ, మిగతాది ఎలా ఉన్నా పరవాలేదు" అని మేడమ్ అన్నారు. అలా ఒకదానికోసం ఇంకొకటి వదులుకోమనడం న్యాయం కాదని నాకు గట్టిగా అనిపించింది.

అందుకని స్టాఫ్ మీటింగులో, హాజరును ప్రార్థన సమయంలోనే వరుసల దగ్గర క్లాస్ టీచర్ వేయాలని, మొదటి పీరియడ్‌ను అందరికీ తెరవాలని ప్రతిపాదించాను. ఆలస్యంగా వచ్చే పిల్లల సంగతి ఏమిటని ఒకరిద్దరు అడిగారు. వాళ్ల పేర్లు మొదటి పీరియడ్‌లో ఎవరు ఉంటే వాళ్లు చీటీ మీద రాసి పంపాలని అనుకున్నాం. ఈ ఒక్క మార్పుతో పి.ఎస్. మేడమ్ లీజర్లు 4, 7 పీరియడ్లకు వచ్చాయి: ఉదయం మూడు, ల్యాబ్ రెండు, చివర ఒకటి. బి.ఎస్. మాస్టారి ల్యాబును 3, 4 పీరియడ్లలో పెట్టి, లీజర్లు 2, 6లలో ఇచ్చాను. ల్యాబ్ గది ఒక్కటే అయినా ఇద్దరి ల్యాబ్ క్లాసులూ ఒకదానికొకటి అడ్డు రావు, ఇద్దరికీ ల్యాబ్‌కు ముందు పీరియడ్ ఖాళీ. ఆ జంట పీరియడ్ల మధ్య ఇంటర్వెల్ కూడా లేదు కనుక ప్రయోగం మధ్యలో ఆగదు.

దీనికి ఒక మూల్యం ఉంది. మా పీరియడ్లు ఒకే నిడివివి కావు. మొదటి రెండూ 45 నిమిషాలు, చివరి రెండూ 35, మధ్యలోని నాలుగూ 40. లీజరు మొదటి పీరియడ్ నుంచి ఏడుకు మారినందువల్ల మేడమ్‌కు రోజుకు 10 నిమిషాల బోధన పెరిగింది. ఆ మాట ముందే చెప్పాను, ఆవిడ సమ్మతించారు.

నిమిషాల లెక్క తీయడం అప్పుడే అలవాటైంది. ఎక్సెల్‌లో వరుసకొక పీరియడ్ చొప్పున 48 వరుసలు, B నుంచి I వరకు 8 సెక్షన్లు, J లో ఆ పీరియడ్ నిమిషాలు పెట్టి, గడుల్లో టీచర్ సంకేతం మాత్రమే రాశాను.

```
=COUNTIF(B2:I2,"HIN")
=SUMPRODUCT((B$2:I$49="TEL1")*J$2:J$49)
```

మొదటి సూత్రం ఏ వరుసలోనైనా 1 దాటితే హిందీ మాస్టారు ఒకే సమయానికి రెండు గదుల్లో ఉన్నారన్నమాట. రెండోది TEL1 సంకేతమున్న తెలుగు టీచర్ వారంలో చెప్పే నిమిషాలు. తెలుగు మేడమ్‌కూ సాంఘికం మాస్టారికీ పీరియడ్లు 32 చొప్పునే ఉన్నా, ఆవిడకు 1330 నిమిషాలు, ఆయనకు 1250 వచ్చాయి. ఆవిడకు మొదటి రెండు పీరియడ్లలో 12, చివరి రెండింటిలో 2 ఉంటే, ఆయనకు 4, 10 ఉన్నాయి. ఇద్దరూ చెప్పే సెక్షన్లలోనే, ఒకరి పీరియడ్ సమయానికి ఇంకొకరు ఖాళీగా ఉన్న చోట్ల, ఆవిడ మొదటి రెండింటిలోని, ఆయన చివరి రెండింటిలోని నాలుగేసి పీరియడ్లు ఒకరివి ఒకరికి మార్చితే ఇద్దరికీ 1290 అయింది.

గణితమంతా ఉదయమే ఉండాలన్న కోరిక మాత్రం నెరవేరదు. ఏ పీరియడ్‌లోనైనా గణితం గరిష్ఠంగా రెండు సెక్షన్లకే ఉండగలదు. ఉదయం నాలుగు పీరియడ్లు, ఆరు రోజులకు 48 మాత్రమే, కావలసినవి 64. కనీసం 16 మధ్యాహ్నానికి వెళ్లవలసిందే. పదో తరగతికి ఉదయం కేటాయించి, మిగిలిన సెక్షన్లకు మధ్యాహ్నపు గణితం వారానికి మూడుకు మించకుండా పంచాను.

ఎవరైనా సెలవు పెడితే వేసే అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు కూడా భారమే. మొదటి పద్ధతిలో అయినా కొత్త పద్ధతిలో అయినా ప్రతి పీరియడ్‌లో నలుగురు ఖాళీగా ఉంటారు, కనుక మనుషులకు కొరత లేదు. సైన్సు వాళ్లిద్దరినీ ఆ జాబితా నుంచి తప్పించాను. హిందీ మాస్టారికి 8 సెక్షన్ల నోటు పుస్తకాలు దిద్దవలసి ఉంటుంది కనుక ఆయనకు వారానికి ఒకటికి మించి వేయకూడదని రాశాను. మిగిలినవాళ్లకు వంతు ప్రకారం వేసి, స్టాఫ్ రూమ్‌లోని రిజిస్టరులో ఎవరి పేరు ఎదురుగా ఎన్ని పడ్డాయో ఏ రోజుకారోజు నమోదు చేస్తున్నాం. నెలాఖరున హెడ్మాస్టర్ గారు ఆ అంకెలు చూసి, తక్కువ పడినవాళ్లతో తరువాతి నెల వంతు మొదలుపెడుతున్నారు.