క్రీము డబ్బా వెనక జాబితాను ఎలా చదవాలి: కాంటాక్ట్ డెర్మటైటిస్‌తో నా అనుభవం

నాకు వచ్చింది కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే చర్మానికి ఏదైనా పదార్థం తగిలి వచ్చే వాపు, దురద. కనురెప్పలూ, మెడకి రెండు పక్కలా ఎర్రగా పొంగి, దురద పెట్టి, తర్వాత పొట్టు రాలేది. తిరుపతి ఎండకి లేచిన చెమటకాయలని ఇంట్లో అందరూ అనుకున్నారు. కాదని చెప్పింది చర్మ వైద్యురాలు. జాబితా ఎలా చదవాలో కూడా ఆమె మాటల్లోనే మొదలైంది.

ఇరిటేషన్ వేరు, అలర్జీ వేరు. ఇరిటేషన్ అయితే చాలాసార్లు పూసిన కొద్దిసేపటికే మంట పుడుతుంది. పదార్థం ఎంత ఎక్కువ ఉంటే బాధ అంత ఎక్కువ. అలర్జీ అలా కాదు. శరీరం ఒక పదార్థాన్ని పసిగట్టి పెట్టుకున్నాక, రవ్వంత తగిలినా చాలు. పైగా అది ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. సోమవారం పూసిన క్రీము బుధవారం పొంగితే, మనం బుధవారం వాడిన సబ్బును తిడతాం.

వీపుకి ప్యాచ్ టెస్ట్ చేశారు, అంటే అనుమానం ఉన్న పదార్థాల్ని పట్టీలతో చర్మానికి అంటించి, ఎక్కడ ఎర్రబడుతుందో చూడడం. పట్టీలు 48 గంటలు ఉండాలి, అవి తీశాక ఒకసారి, మళ్లీ ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. అంతవరకూ వీపు తడవకూడదు. మే నెలలో మన ఊళ్లో చెమటకే పట్టీలు ఊడిపోతాయి కాబట్టి, వీలైతే చలికాలంలో చేయించుకోవడం మంచిది. నాకు సువాసన పదార్థాల చోట ఎర్రబడింది.

ఇప్పుడు జాబితా. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఆ గీత ఎక్కడుందో డబ్బా మీద ఉండదు, మనమే అంచనా కట్టాలి. నేను ఫినాక్సీఇథనాల్ అనే పేరు వెతుకుతాను. చెడిపోకుండా కలిపే ఈ పదార్థాన్ని మామూలుగా ఒక శాతం మించనివ్వరు. కాబట్టి దాని తర్వాత వచ్చేవన్నీ దాదాపుగా ఒక శాతం లోపే.

ఒక మాయిశ్చరైజర్ జాబితా ఇలా ఉందనుకుందాం: ఆక్వా, గ్లిజరిన్, ఆల్కహాల్ డీనాట్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, ఫినాక్సీఇథనాల్, పార్ఫమ్, లినలూల్, లిమొనీన్.

ఇందులో ఆల్కహాల్ అన్న మాట రెండుసార్లు ఉంది, రెండూ ఒకటి కావు. డీనాట్ అంటే స్పిరిట్ లాగా ఆరిపోయే రకం. మూడో చోట ఉందంటే బాగానే పోశారని అర్థం. దెబ్బతిన్న చర్మానికి అది మంట, పొడిబారడం రెండూ తెస్తుంది. అదే చిట్టచివర ఉంటే నేను అంత పట్టించుకోను. సెటియరిల్, సెటిల్, స్టియరిల్ ఆల్కహాల్‌లు మైనం లాంటి కొవ్వు పదార్థాలు, క్రీముకి చిక్కదనం ఇచ్చేవి. చాలామంది చర్మానికి ఇవి మెత్తదనమే ఇస్తాయి. ఆ పేరు చూసి మంచి క్రీమును పక్కన పెట్టేయక్కర్లేదు. బెంజైల్ ఆల్కహాల్ ఈ రెండు రకాల్లోనూ చేరదు. అది ప్రిజర్వేటివ్, సువాసన పదార్థం కూడా, కొందరికి అలర్జీ తెస్తుంది.

సువాసన దగ్గరికొచ్చేసరికి వరస లెక్క పనికిరాదు. పార్ఫమ్ అంటే సువాసన కోసం కలిపినవాటికి ఉమ్మడి పేరు, అలర్జీ ఉన్నవాళ్లకి అది చివర ఉన్నా ముందున్నా ఒకటే. ఆ ఒక్క మాట కింద పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. యూరప్‌లో పూసుకుని కడగకుండా వదిలేసే క్రీముల్లో లినలూల్ లాంటి సువాసన పదార్థాలు 0.001 శాతం దాటితే పేరు విడిగా రాయాలి. ఇక్కడ చాలా డబ్బాల మీద ఒక్క పార్ఫమ్ తోనే సరిపెడతారు. కాబట్టి లినలూల్ పేరు కనిపించలేదని లేదనుకోకండి.

"ఇది నేచురలేమ్మా, ఏం గాదు" అని షాపులో అంటారు. లావెండర్ నూనెలో లినలూల్, నారింజ తొక్క నూనెలో లిమొనీన్, లవంగ నూనెలో యూజినాల్ సహజంగానే ఉంటాయి. లినలూల్, లిమొనీన్ గాలి తగిలి మారాక అలర్జీ తెచ్చే గుణం ఇంకా పెరుగుతుంది. మూత సరిగా పెట్టని పాత డబ్బా కొత్తదానికంటే చెడ్డది. అన్‌సెంటెడ్ అన్న డబ్బాలో వాసన తెలియకుండా చేయడానికి ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అన్నది కావాలి, అప్పుడు కూడా జాబితాలో నూనెల పేర్లు చూడాలి.

సువాసన కాకుండా నేను తప్పక చూసే పేరు మిథైల్‌ఐసోథయాజొలినోన్. ఇదీ ప్రిజర్వేటివే, అలర్జీ తెచ్చే గుణం బాగా ఉంది. యూరప్‌లో పూసుకుని కడగకుండా వదిలేసే క్రీముల్లో దీన్ని ఆపేశారు. షాంపూల్లో ఇంకా కనిపిస్తుంది. షాంపూ నురగ జారేది రెప్పల మీదికీ మెడ మీదికే.

తగ్గేదాకా డాక్టరు రాసిన పూత, జాబితాలో పెట్రోలాటం ఒక్కటే ఉన్న జెల్లీ, ఈ రెండే వాడాను. ఎరుపు పూర్తిగా పోయాక కొత్త వస్తువుల్ని ఒక్కొక్కటిగా తెచ్చుకున్నాను. క్రీము అయితే మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట, రోజుకి రెండుసార్లు, కనీసం వారం పాటు, కడగకుండా. ఏడో రోజుదాకా ఏమీ లేకపోతేనే ముఖానికి. షాంపూ, సబ్బు లాంటివి ఇలా వదిలేసి పరీక్షించకూడదు, అలర్జీ లేనివాళ్లకీ మండుతాయి. పాత బ్రాండే అయినా కొత్త డబ్బా కొన్నప్పుడల్లా జాబితా మళ్లీ చదువుతాను, కంపెనీలు లోపలి సరుకు మారుస్తుంటాయి.