ఒకే స్కాన్‌లో 15 పత్రాలు: అతుకులు వెతుకుతున్న నా చిట్టా

మొదటి వారం

చేతిలో ఉన్నది 24 కాగితాల కట్ట. రెండు వైపులా స్కాన్ చేస్తే 48 పేజీల ఒకే పీడీఎఫ్ వచ్చింది. అందులో ఏ పేజీ దగ్గర ఒక ఇన్‌వాయిస్ ముగిసి ఇంకొకటి మొదలవుతుందో ప్రోగ్రామే కనిపెట్టి, ఒక్కోదాన్నీ విడి రికార్డుగా నమోదు చేయాలి. నాకు కావలసింది అంతే.

ముందు కట్టనంతా చేత్తో తిరగేసి, ఏది ఎక్కడ మొదలవుతుందో కాగితం మీద రాసుకున్నాను. 14 ఇన్‌వాయిస్‌లు, ఒక క్రెడిట్ నోట్, కలిపి 15 పత్రాలు. ఈ జాబితా లేకుండా ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టకూడదు. ఫలితం బాగుందో లేదో తేల్చేది ఇదొక్కటే.

పేజీలను బొమ్మలుగా విడగొట్టి, అక్షరాలు చదివించిన తీరు ఇది:

```
pdftoppm -r 300 -gray -png scan.pdf p
tesseract p-19.png p-19 --psm 6 tsv
```

ఇక్కడ `--psm 6` పెట్టడానికి కారణం ఉంది. మామూలు పద్ధతిలో టెస్సరాక్ట్ పేజీని నిలువు భాగాలుగా విడదీసుకుని చదువుతుంది. దాంతో "ఇన్‌వాయిస్ నంబర్" అనే మాట ఒకచోట, ఆ నంబరు పది వరుసల కింద ఇంకోచోట తేలుతున్నాయి. 6 పెడితే పేజీ అంతటినీ ఒకే ముద్దగా తీసుకుని వరుస వెంట వరుస చదువుతుంది. `tsv` అడిగితే ప్రతి మాటకూ అది ఎక్కడుందో, ఎంత ఎత్తుందో కూడా వస్తాయి. ఆ ఎత్తు తరవాత చాలా పనికొచ్చింది.

రెండో వారం

మొదట అందరికీ తట్టే ఉపాయమే నాకూ తట్టింది: ఇన్‌వాయిస్ నంబరు మారితే కొత్త పత్రం. ఇది 19 ముక్కలు చేసింది. వాటిలో నా జాబితాతో అచ్చంగా కలిసినవి 8 మాత్రమే.

ఎందుకు తప్పిందో తెలియాలంటే 10 నుంచి 14 వరకు ఉన్న ఐదు కాగితాలను చూస్తే చాలు. 10వ కాగితం 2087 నంబరు ఇన్‌వాయిస్ మొదటి పేజీ. పేజీ 1/3 అని అచ్చయి ఉంది, వెనక వైపు సన్నటి అక్షరాల్లో షరతులున్నాయి. 11వది రెండో పేజీ. నంబరు అదే అయినా సున్నాని ఓ అక్షరంగా చదివి `2O87` అని ఇచ్చింది. 12వ కాగితం మీద నంబరే లేదు. మిగిలిన సరుకుల వరుసలు, సబ్‌టోటల్, గ్రాండ్ టోటల్, మూలన 3/3 ఉన్నాయి. 13వది డెలివరీ నోట్. దానికి సొంత నంబరు ఉంది, కింద 2087 అనే ప్రస్తావన కూడా ఉంది. 14వది క్రెడిట్ నోట్. అందులో పెద్దగా కనిపించేది మళ్ళీ 2087 నంబరే, అంటే ఏ ఇన్‌వాయిస్ మీద తగ్గింపు ఇచ్చారో చెప్పే వరుస.

నా ప్రోగ్రాం 10, 11 కాగితాల మధ్య కోసేసింది. డెలివరీ నోట్‌లోనూ క్రెడిట్ నోట్‌లోనూ 2087 కనిపించేసరికి ఆ రెండింటినీ ఒక రికార్డులో కలిపింది. కోయకూడని చోట కోత, కోయాల్సిన చోట అతుకు.

`2O87` లాంటి వాటికి మందుగా ఒక అక్షరం తేడా ఉన్నా ఒకే నంబరుగా లెక్కపెడదామనుకున్నాను. అది ఇంకా ప్రమాదం. ఒకే సరఫరాదారు వరుసగా పంపిన ఇన్‌వాయిస్‌లు 2087, 2088 అని ఉంటాయి. తేడా ఒక్క అంకే, కానీ రెండూ వేరు. అందుకే పోల్చే ముందు ఓసీఆర్ తరచూ తడబడే జంటలను మాత్రమే సరిచేస్తున్నాను: ఓ అక్షరానికి సున్నా, ఐ, ఎల్ అక్షరాలకు 1, ఎస్‌కి 5, బీకి 8. నంబరులో అంకెలుండే భాగానికే ఇది వర్తిస్తుంది. ఆపైన ఒక్క అంకె తేడా ఉన్నా వేరే పత్రమే.

మూడో వారం

ఈ వారం దొరికింది అన్నిటికన్నా విలువైనది. పేజీ కాదు, కాగితం లెక్క. రెండు వైపులా స్కాన్ చేసినప్పుడు 1, 2 పేజీలు ఒకే కాగితానివి, 3, 4 ఇంకో కాగితానివి. ఒక కాగితం ముందు ఒక ఇన్‌వాయిస్, వెనక ఇంకొకటి ఉండడం చాలా అరుదు. 48 పేజీల మధ్య 47 అతుకులుంటే అందులో 24 కాగితం లోపలివే. ఇక తేల్చాల్సినవి 23. షరతుల పేజీలు, ఖాళీ వెనక వైపులు తెచ్చిపెట్టిన గొడవంతా దీంతో పోయింది, ఎందుకంటే అవి తమ ముందు పేజీతోనే పోతాయి.

దీనికి ఒక నియమం తప్పనిసరి. స్కానర్‌లో ఖాళీ పేజీలను తీసేసే సెట్టింగ్ ఆపాలి. అది ఆన్‌లో ఉంటే ఒక్క ఖాళీ పేజీ పోయినా, అక్కణ్నుంచి సరి బేసి లెక్క తారుమారై కట్ట చివరిదాకా తప్పులే. ఖాళీ పేజీని గుర్తించే పని నేనే చేసుకుంటున్నాను. అంచుల్లో నాలుగేసి శాతం వదిలేసి (కాగితం అంచుల నీడలు అక్కడే పడతాయి), నల్లటి చుక్కలు 0.3 శాతం లోపుంటే ఖాళీ అని గుర్తు పెడతాను. గుర్తు పెట్టడమే, తీసేయడం లేదు. వెనక వైపు మీద సొంత నంబరూ గ్రాండ్ టోటలూ రెండూ కనిపిస్తే మాత్రం అది వాడేసిన కాగితం మీద అచ్చేసిన వేరే ఇన్‌వాయిస్ కావచ్చు. ఆ కాగితాన్ని నేను కళ్ళతో చూసేందుకు పక్కన పెడుతుంది.

నాలుగో వారం

అతుకు ఒక్కోదానికీ మార్కులు వేయడం మొదలుపెట్టాను. ముందు కాగితంతో తరవాతి కాగితాన్ని పోల్చితే సరిపోదని 12, 13, 14 కాగితాలే నేర్పాయి. 12 మీద నంబరు లేదు, 13 మీద మొత్తం లేదు. పోల్చాల్సింది అప్పటిదాకా పోగైన రికార్డుతో. అందులో 10వ కాగితం నంబరు, 12వ కాగితం మొత్తం రెండూ ఉంటాయి.

```python
def score(rec, b):
    s = 0
    if b.page_no == 1: s += 4
    if rec.last_page and b.page_no == rec.last_page + 1: s -= 5
    if rec.own_no and b.own_no and b.own_no != rec.own_no:
        s += 3 if b.kind != "delivery" else 0
    if rec.grand_total: s += 2
    if b.carried_in: s -= 4
    if b.kind == "delivery" and b.ref_no == rec.own_no: s -= 4
    return s
```

2 గానీ అంతకు మించి గానీ వస్తే కోయాలి. మైనస్ 2 గానీ అంతకు తక్కువ గానీ వస్తే కలపాలి. మధ్యలో పడితే నేను చూడాలి. `carried_in` అంటే పేజీ పైన ముందు పేజీ నుంచి తెచ్చిన మొత్తం ఉందని. సొంత నంబరుకూ ప్రస్తావన నంబరుకూ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, సొంత నంబరు పేజీ పైభాగంలో పత్రం పేరు పక్కన ఉంటుంది. పైభాగంలో అన్నిటికన్నా ఎత్తయిన మాటలే పత్రం పేరు, అందుకే `tsv` ఇచ్చిన ఎత్తు పనికొచ్చింది.

ఇప్పుడు ఆ ఐదు కాగితాలూ ఇలా తేలాయి. 10 నుంచి 11కి పేజీ 1 తరవాత 2, కాబట్టి మైనస్ 5. 11 నుంచి 12కి పేజీ వరుస, తెచ్చిన మొత్తం రెండూ కలిసి మైనస్ 9. 13వది వచ్చేసరికి రికార్డులో గ్రాండ్ టోటల్ ఉంది కాబట్టి 2, డెలివరీ నోట్ 2087నే చూపిస్తోంది కాబట్టి మైనస్ 4, వెరసి మైనస్ 2, అంటే కలపాలి. 14వదానికి వేరే సొంత నంబరు, రికార్డులో అప్పటికే మొత్తం, కలిపి 5, అంటే కోయాలి. డెలివరీ నోట్ ఇన్‌వాయిస్‌తో ఉండాలి, క్రెడిట్ నోట్ విడిగా ఉండాలి అనేది నా లెక్కల అవసరం. ఇంకొకరికి వేరుగా కావాలంటే మార్చాల్సింది ఆ వరుసలే.

23 అతుకుల్లో 19 దానంతటదే సరిగ్గా తేల్చింది. నాలుగు నా దగ్గరికి వచ్చాయి.

అయిదో వారం

కోత సరిగ్గా పడిందో లేదో ఇన్‌వాయిస్ తనే చెప్పగలదు, దాని లెక్క సరిపోవాలి కాబట్టి. సరుకుల వరుసల కూడిక సబ్‌టోటల్‌తో కలవాలి. రెండో వారపు తప్పుడు కోత మీదే దీన్ని పరీక్షించాను. 11, 12 కాగితాల ముక్కలో వరుసల కూడిక 6,420.00, సబ్‌టోటల్ మాత్రం 9,170.00. తక్కువైంది 2,750.00. అంతకు ముందు ముక్కలో, మొత్తమే లేకుండా మిగిలిపోయిన 10వ కాగితం మీది వరుసల కూడిక సరిగ్గా 2,750.00. ఆ రెండు ముక్కలూ ఒకటేనని దీనికన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

అదే విధంగా ఒక రికార్డులో రెండు గ్రాండ్ టోటల్‌లు కనిపిస్తే రెండు పత్రాలు కలిసిపోయాయని అర్థం. మొత్తమే లేకపోతే ఎక్కడో ఎక్కువగా కోశామని అర్థం. అయితే వరుసల్లో ఒక్క అంకె తప్పుగా చదివినా కూడిక తప్పుతుంది. కాబట్టి లెక్క కుదిరితే కోతను నమ్ముతాను. కుదరకపోతే అనుమానంగా గుర్తు పెడతానే గానీ కోతను మార్చను.

ఆరో వారం

ప్రోగ్రాం ఇంతవరకు చూడని కట్ట ఇచ్చాను: 60 కాగితాలు, 38 పత్రాలు, 59 అతుకులు. రెండు అతుకులు తప్పాయి. 59కి 57 అంటే ఎంతో బాగున్నట్టే ఉంటుంది. కానీ నాకు కావలసింది సరైన రికార్డులు. విడదీయకుండా వదిలేసిన ఒక్క అతుకు రెండు పత్రాలను పాడుచేసింది, అనవసరపు కోత ఇంకొకదాన్ని. అచ్చంగా వచ్చినవి 38కి 35. ఇకమీదట అతుకుల లెక్క పక్కన పెట్టి ఈ రెండో సంఖ్యనే రాసుకుంటాను.

అనవసరపు కోతకు కారణం ఇన్‌వాయిస్‌కి జతచేసిన పని గంటల పట్టిక. దాని మీద సొంతంగా 1/2 అని పేజీ నంబరుంది. అది మొత్తం లేని రికార్డుగా మిగలడంతో తనిఖీలో దొరికింది. కలిసిపోయిన జంట కథ వేరు. మొదటి ఇన్‌వాయిస్ గ్రాండ్ టోటల్ మీద ముద్ర పడి చదవడానికి వీల్లేకుండా పోయింది. రెండోదాని నంబరు మసకబారింది, పైగా దాని మొదటి వరుసలో పాత బాకీ తెచ్చి రాశారు. నా ప్రోగ్రాం దాన్ని ముందు పేజీ నుంచి తెచ్చిన మొత్తమనుకుని మైనస్ 4 వేసి కలిపేసింది. వరుసల కూడిక సబ్‌టోటల్ కంటే ఎక్కువ రావడంతో ఇదీ బయటపడింది. అందుకని `carried_in` కి ఇప్పుడు షరతు పెట్టాను: పైన తెచ్చిన అంకె, ముందు కాగితం చివర రాసిన అంకెతో సమానమైతేనే లెక్క.

కోతలు ఖాయమయ్యాక పీడీఎఫ్‌ని విడదీయడం ఒక్క వరుస పని:

```
qpdf scan.pdf --pages . 19-26 -- 2087.pdf
```

అసలు స్కాన్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ప్రతి రికార్డులో ఏ ఫైలు, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అన్నది రాస్తున్నాను, రేపు అతుకు తప్పని తేలితే మళ్ళీ కోసుకోవడానికి.

ఇప్పుడు చేస్తున్నది అనుమానపు అతుకుల పని. ఒక అతుకు తప్పుగా కలిస్తే ఆ రికార్డుతో పోల్చే తరవాతి కాగితం మార్కులూ తప్పుతాయి. అందుకే మధ్యలో పడ్డ ప్రతి అతుకు దగ్గరా కోసిన దారి, కలిపిన దారి రెండూ ఉంచుకుని, ఏ దారిలో ఎక్కువ ఇన్‌వాయిస్‌ల లెక్క కుదిరితే దాన్ని తీసుకోవాలి. మొదటి కట్టలోని నాలుగు అనుమానాలకు 16 దారులే. వాటిలో మూడింటిని లెక్కే తేల్చింది. నాలుగోదాని మీద సరుకుల వరుసలు చేతిరాతలో ఉన్నాయి, అదింకా నా బల్ల మీదే ఉంది.