నాలుగెకరాల మ్యాపు, నడిమధ్య చెక్ పాయింట్

పర్లాకిమిడి పొలిమేరలో బియ్యం మిల్లు కట్టదలచిన మా బంధువు ఒకాయన, వాననీరు ఎటు పారుతుందో తేల్చేంత ఖచ్చితమైన మ్యాపు ఆ నాలుగెకరాలకు కావాలన్నారు. 70 మీటర్ల ఎత్తు నుంచి మా డ్రోన్‌తో తీసిన ఫొటోలో ఒక్కో పిక్సెల్ నేలమీద సుమారు 2 సెంటీమీటర్లకు సమానం. అయితే డ్రోన్‌లోని మామూలు జీపీఎస్ మీటర్ల లెక్కన తప్పగలదు కనుక, నేలమీద విడిగా కొలిచిన గుర్తులు తప్పనిసరి.

అందుకు 60 సెంటీమీటర్ల ఫ్లెక్సు ముక్కలపై నలుపు తెలుపు గళ్లు వేయించి, ఎనిమిది చోట్ల మేకులతో బిగించి, వాటి మధ్యబిందువులను సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో స్థానం చెప్పే ఆర్‌టీకే రోవర్ అనే పరికరంతో కొంత వ్యవధి ఇచ్చి రెండేసిసార్లు కొలిచాము. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 84 డిగ్రీల రేఖాంశం పర్లాకిమిడికి కాస్త పడమరగా పోతుంది. భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో ఆ రేఖే రెండు జోన్లకు సరిహద్దు. అందువల్ల శ్రీకాకుళంలో వాడే 44వ జోన్ కాక, 45వ జోన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో EPSG:32645 అనే కోడ్ ఎంచుకోవాలి. మీటర్లలో వచ్చే తూర్పు అంకె రెండు లక్షలకు కొంచెం తక్కువగా ఉంటే జోన్ సరైనదే. ఎనిమిది లక్షలు దాటితే 44వ జోన్‌లోనే ఉన్నామని అర్థం.

ఎనిమిదింటిలో అయిదింటిని, అన్నీ అంచుల్లోవే, మ్యాపును నేలకు సరిపెట్టే కంట్రోల్ పాయింట్లుగా సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, మూడింటిని దానికి ఇవ్వకుండా మ్యాపును పరీక్షించే చెక్ పాయింట్లుగా పక్కన పెట్టాను. కంట్రోల్ పాయింట్ల తేడా 2 సెంటీమీటర్ల లోపే వచ్చింది. దానితో నా వెంట ఉన్న సర్వేయరు మిత్రుడు "ఇంకేం, అయిపోయినట్టే కదండీ" అన్నారు. కానీ సాఫ్ట్‌వేర్ ఆ పాయింట్లకు సరిపడేలాగే ఫొటోల నుంచి కట్టే నేల నమూనాను సర్దుకుంటుంది కాబట్టి, ఆ అంకె పరీక్ష కిందికి రాదు. అంచుల దగ్గరి రెండు చెక్ పాయింట్లలో ఎత్తు 3 సెంటీమీటర్ల తేడాతో సరిపోగా, నడిమధ్య దానిలో మాత్రం మ్యాపు నేలను 13 సెంటీమీటర్లు పల్లంగా చూపింది.

రోవర్‌తో మళ్లీ కొలిస్తే మొదటి ఎత్తే వచ్చింది కనుక కొలతలో లోపం లేదు. అంచున తక్కువగా ఉండి మధ్యకు పోయేకొద్దీ పెరిగే తేడా, నమూనా మూకుడులా వంగిందనడానికి గుర్తు. అన్ని ఫొటోలూ నిట్టనిలువుగా కిందికి చూస్తూ తీసినప్పుడు, లెన్సు వంపును సాఫ్ట్‌వేర్ కొద్దిగా తప్పుగా అంచనా వేసినా, ఆ తప్పు నేల వంపుగా మారి దాక్కుంటుంది. మధ్య పాయింటును కంట్రోల్‌లో కలిపేస్తే అంకె బాగుపడేది గాని, నిజం చెప్పే సాక్షి పోయేది. అందుకని ఫ్లెక్సులు తీయకముందే కెమెరాను వాల్చి, మొదటి వరసలకు అడ్డంగా మరోసారి ఎగరేసి, రెండు విడతల ఫొటోలనూ కలిపి నడిపాను. మధ్యలో తేడా 4 సెంటీమీటర్లకు దిగింది.

ఈశాన్య మూలన మోకాలెత్తు గడ్డి ఉంది. ఫొటోకు కనిపించేది గడ్డి కొసలే కాబట్టి, అక్కడి ఎత్తులను రోవర్‌తోనే తీసుకుని, మ్యాపులో ఆ మేర కాంటూరు గీతలను చుక్కల గీతలుగా వేసి ఇచ్చాను.