నో కాస్ట్ ఈఎంఐలో నాకు పడిన ఖర్చు

పోయిన ఏప్రిల్‌లో మా పాత ఫ్రిజ్ మూలన పడింది. ఎండలకు పొద్దున కాచిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో 30,000 రూపాయల ఫ్రిజ్ ఒకటి నచ్చింది. ధర కిందే ‘నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 5,000, ఆరు నెలలు’ అని ఉంది. ఆరైదులు ముప్పై, లెక్క సరిపోయింది కదా అని క్రెడిట్ కార్డు మీద తీసేసుకున్నాను.

మొదటి నెల 5,299 రూపాయలు పడింది. పొరపాటు జరిగిందేమోనని టెన్షన్ పడి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పొరపాటేమీ లేదన్నారు. స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూర్చుంటే అసలు సంగతి అర్థమైంది.

బ్యాంకు వడ్డీ వదులుకోదు. ఆరు నెలలకు ఎంత వడ్డీ అవుతుందో అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో ముందే తగ్గిస్తారు. నాకు 1,270 తగ్గించి, 28,730 రూపాయలు అప్పుగా రాశారు. దాని మీద ఏడాదికి 15 శాతం వడ్డీ. ఆరు వాయిదాలు కట్టేసరికి మళ్లీ సరిగ్గా 30,000 అవుతుంది. ఇంతవరకూ వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. దాన్ని ఎవరూ తగ్గించరు, మనమే కట్టాలి. మొదటి నెల అది దాదాపు 65 రూపాయలు. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీదా జీఎస్టీ, కలిపి 235. రెండో నెల నుంచి ఫీజు లేదు, జీఎస్టీ కూడా నెలనెలా తగ్గుతూ వచ్చింది. అన్నీ కలిపితే 464 రూపాయలు అదనంగా పోయాయి.

అంతేనా అనుకుంటుండగా మా తమ్ముడు ఆర్డర్ పేజీ తెరిచి, “అక్కా, ఇది చూశావా?” అన్నాడు. అదే కార్డుతో ఒకేసారి కడితే 1,500 తగ్గింపు అట. ఈఎంఐకి అది వర్తించదు. నాకు నిజంగా బాధేసింది ఇక్కడే. 28,500కి వచ్చే ఫ్రిజ్‌కి నేను 30,464 పెట్టాను. అసలు ధర 28,500 అనుకుని లెక్క వేస్తే వడ్డీ ఏడాదికి 23 శాతం దాకా తేలింది. పైగా ఆ డబ్బు నా సేవింగ్స్ ఖాతాలోనే ఉంది! నెలకు ఐదు వేలు తీస్తూ మిగతాది అక్కడే ఉంచినా, 3 శాతం చొప్పున ఆరు నెలలకు నాకొచ్చే వడ్డీ 260 రూపాయలు.

మధ్యలో మొత్తం కట్టేద్దామని అడిగితే, మిగిలిన అసలు మీద 3 శాతం, దానిపై జీఎస్టీ అన్నారు. మిగిలిన జీఎస్టీ కంటే అదే ఎక్కువ. అందుకని చివరిదాకా కట్టాను.

చేతిలో డబ్బు లేక, ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు కూడా లేకపోతే, ఆరు నెలల గడువుకు 464 పెద్ద భారం కాదనే నా అభిప్రాయం. మొన్న తమ్ముడు వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు ఈఎంఐ వివరాలు తెరిచి, వడ్డీ దగ్గర కనిపించిన అంకెలో 18 శాతం, ప్రాసెసింగ్ ఫీజు, పోయే తగ్గింపు మూడూ కాగితం మీద కలిపాం. 1,100 తేలింది. వాడు ఒకేసారి కట్టేశాడు.