ఎకరానికి ఎన్ని బస్తాలు?

మంగళవారం, రాత్రి

ఎరువుల స్లైడ్లతో రేపు ఊరికి వెళ్లాలి. ఇవాళ పొద్దంతా వాటితోనే గడిచింది. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఇంగ్లీషు ప్రజెంటేషన్‌ను తెలుగులోకి మార్చే పని నిన్ననే అయిపోయిందనుకున్నాను. ఎక్కడా తప్పు లేదు. "వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం" అని శుభ్రంగా ఉంది. పొద్దున పక్క వీధిలో పాలు పోసే పెద్దమ్మకు అది చదివి వినిపించాను. ఆమె రెండెకరాల్లో వరి వేస్తుంది. ఓపికగా విని, "ఇంతకీ ఎన్ని బస్తాలు వేయమంటున్నావు బిడ్డా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నాలుగు లెక్కలు చేయాలి. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కాబట్టి ఎకరానికి నత్రజని 48 కిలోల పైచిలుకు, భాస్వరం 24 కిలోలు కావాలి. అయితే రైతు కొనేది నత్రజనిని కాదు, యూరియాను. అందులో నత్రజని 46 శాతమే. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. ఒక డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది, అంటే ఎకరానికి కావలసినది దాదాపు సరిపోయింది. దానితో పాటే 9 కిలోల నత్రజని కూడా వస్తుంది. మిగిలిన 39 కిలోల కోసం సుమారు 85 కిలోల యూరియా కావాలి, అంటే దాదాపు రెండు బస్తాలు.

ఎకరానికి ఒక బస్తా డీఏపీ, రెండు బస్తాల యూరియా. స్లైడు మీద ఈ ఒక్క వాక్యమే పెద్ద అక్షరాల్లో పెట్టాను. డీఏపీలోని నత్రజనిని లెక్కలోంచి తీసేయకపోతే యూరియా రెండు బస్తాల మీద మరో మూడో వంతు బస్తా ఎక్కువ పడుతుంది. చాలా పొలాల్లో జరిగేది అదే. పైరు ముదురాకుపచ్చగా ఏపుగా పెరిగి పడిపోతుంది, సుడిదోమ కూడా ఎక్కువవుతుంది.

ఇలా దగ్గరి అంకెకు సర్దడం ఎరువులో చెల్లుతుంది, పురుగుమందులో చెల్లదు. "లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు" అన్నదాన్ని 16 లీటర్ల ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు అని మార్చాను. "నాలుగు మూతలు" అని రాస్తే ఇంకా తేలిక కదా అని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ఒక్కో కంపెనీ మూత ఒక్కో కొలత. అక్కడ గీతలున్న కొలత గ్లాసు బొమ్మనే ఉంచాను.

బొమ్మలు అంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. నత్రజని లోపం చూపించే ఫొటో మొక్కజొన్న ఆకుది. ఆకు కొన నుంచి నడి ఈనె వెంట పసుపు దిగి ఉంది. వరి రైతుకు అది ఏ పనికీ రాదు. అందుకే మధ్యాహ్నం పొలానికి వెళ్లి, అడుగు ఆకులు పసుపు తిరిగిన వరి దుబ్బును ఫోనుతో ఫొటో తీశాను. పక్కనే జింకు లోపంతో తుప్పు మచ్చలు పడిన దుబ్బు కనిపిస్తే దాన్నీ తీశాను. రెండూ పక్కపక్కన పెడితే యూరియా వేయాల్సింది దేనికో, వేసి లాభం లేనిది దేనికో మాటలు లేకుండానే తెలుస్తుంది. రెండు ఫొటోల్లోనూ నా చేయి పడేలా చూసుకున్నాను. కొలతకు ఏదీ లేకపోతే ఆకు అసలు ఎంతో బొమ్మలో తెలియదు.

శాతాలు చూపించే గుండ్రటి పటాన్ని తీసేసి బస్తా బొమ్మ గీశాను. నత్రజని ఉన్నంత మేర రంగు వేసి, మిగతాది తెల్లగా వదిలాను. చాలా బాగుందనుకున్నాను. సాయంత్రం పెద్దమ్మకు ఏమీ చెప్పకుండా ఆ బొమ్మ మాత్రమే చూపించి, ఏం కనిపిస్తోందో చెప్పమన్నాను. "సగం ఖాళీ అయిన బస్తా. మిగతాది ఎవరు తీసుకున్నారు?" అంది. ఆమె చూసింది నిజమే, బొమ్మ అదే చెబుతోంది. రాత్రి కూర్చుని ఆ రంగు తీసేశాను. నిండు బస్తా పక్కన, అందులోంచి పైరుకు అందే నత్రజనిని విడిగా ఒక చిన్న కుప్పగా గీశాను. రేపు బయలుదేరే ముందు దాన్నీ ఆమెకు చూపించాలి.

వెళ్తూ వెళ్తూ ఆమె ఇంకో మాట అంది. తన చెల్లెలి పొలం ముప్పై గుంటలేనట, ఎకరం లెక్క ఆమెకు పనికిరాదట. నలభై గుంటలు ఎకరం కాబట్టి ముప్పై గుంటలకు ముప్పావు వంతు: యూరియా బస్తాన్నర, డీఏపీ ముప్పావు బస్తా. పది, ఇరవై, ముప్పై గుంటలకు, ఎకరానికి విడివిడిగా నాలుగు వరుసల పట్టిక చేశాను. పావు బస్తా డీఏపీ అంటే పన్నెండున్నర కిలోలు. దాన్ని ఇంట్లో దేనితో కొలుస్తారో రేపు అక్కడే అడిగి, ఆ గిన్నెను తూచి చూడాలి. తక్కెడ సంచిలో పెట్టుకున్నాను.