నా మణికట్టు మీద గడ్డ, రెండేళ్ళ సంగతి

రెండేళ్ళ క్రితం ఆషాఢంలో గోరింటాకు కడుక్కుంటుంటే మొదటిసారి చూశాను. కుడి చేతి మణికట్టు వెనకవైపు, సరిగ్గా మధ్యలో, రేగి గింజంత ఉబ్బు. చెయ్యి చాపితే కనపడదు, అరచేతిని కిందికి వంచితే మాత్రం గుండ్రంగా పైకి లేస్తుంది. నొక్కితే నొప్పి లేదు, చర్మం రంగు మారలేదు, వేడి లేదు. ఏదో నరం ఉబ్బిందిలే అనుకుని వదిలేశాను. మాది గుంటూరు, నేను మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని కాబట్టి చెయ్యి అలిసిపోవడం నాకు కొత్త కాదు.

శ్రావణంలో బంధువుల పెళ్ళి. అక్కడ మా వారి మేనత్త నా చేతికి గాజులు వేస్తూ ఆగిపోయి, గడ్డ మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసింది. "ఏమ్మాయ్, నొప్పి లేదా?" అంది. లేదండీ అన్నాను. "నొప్పి లేని గడ్డే చెడ్డది. మా తోడికోడలికి కూడా ఇలాగే నొప్పి లేకుండానే మొదలైంది" అని, తర్వాత గాజులు వేసేసి పక్కావిడతో మాటల్లో పడిపోయింది. ఆ తోడికోడలు ఏమయిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడకి వచ్చింది రొమ్ములో గడ్డ, నాది మణికట్టు మీద. రెండింటికీ ఏ సంబంధమూ లేదని ఈ రోజు నేను చెప్పగలను. ఆ రోజు పెళ్ళి భోజనం మాత్రం గొంతు దిగలేదు.

వారం తర్వాత ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. పేరు చెప్పను. లోపల మూడు నిమిషాలు కూడా ఉన్నానో లేదో. డాక్టరు నా చెయ్యి పట్టుకోలేదు, టేబుల్ అవతలి నుంచే చూసి "గడ్డని ఉంచుకోకూడదు, తీసేసి బయాప్సీకి పంపిద్దాం, బయట ఎస్టిమేట్ ఇస్తారు" అన్నారు. గడ్డ పేరు చెప్పలేదు. సార్, ఏమిటిది అని అడిగితే "తీస్తే కదా తెలిసేది" అన్నారు. ఆ ఒక్క ముక్కకి నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. బయట కౌంటర్‌లో అమ్మాయి నా చేతికి కాగితం ఇచ్చింది, అందులో ముప్పై అయిదు వేలు అని ఉంది. డబ్బు సంగతి పక్కన పెట్టండి, బయాప్సీ అనే మాట విన్న మనిషి ఇంటికెళ్ళి ఎలా నిద్రపోతుందో ఆలోచించాలి కదా.

ఆ రాత్రి మా ఆయన పని మీద హైదరాబాద్‌లో ఉన్నారు. మా పాప నా పక్కనే నిద్రపోతోంది. బయట వాన, పదకొండున్నరకి కరెంటు పోయింది. నేను ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టి, చదివిన ప్రతి ముక్కా నాకే రాసినట్టు అనిపించి, చంకలో, మెడ కింద వేళ్ళతో నొక్కుకుంటూ ఇంకేమైనా గడ్డలున్నాయేమోనని వెతుక్కున్నాను. రెండు గంటలప్పుడు ఫోన్ టార్చ్ వేసి చేతిని కిందికి వంచి, లైటుని గడ్డకి ఒక పక్కన ఆనించి చూశాను. గడ్డ మొత్తం లోపలి నుంచి వెలిగింది. దానిమ్మ గింజని వెలుతురుకి పెట్టి చూసినట్టు, ఎర్రగా, నిగనిగలాడుతూ. లోపల రక్తం చేరిందనే అనుకున్నాను. టార్చ్ ఆపేసి, పాప మీద చెయ్యి వేసి, తెల్లారే దాకా మంగళగిరి పానకాల స్వామిని తలుచుకుంటూనే ఉన్నాను. మా అమ్మకి పొద్దున్నే ఫోన్ చేస్తే ఆవిడ ఏడవలేదు, "ముందు ఇంకో డాక్టరుకి చూపించు, స్వామికి పానకం నేను మొక్కుకుంటాను" అంది. రెండు పనులూ ఆ రోజే జరిగాయి.

కొత్తపేటలో ఒక పెద్దాయన, ఎముకల డాక్టరు. ఆయన ముందు నా చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. అంతే, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేళ్ళు ముడిచి తెరవమన్నారు, వేళ్ళతో పాటు గడ్డ కదులుతుందా అని చూశారు. కదల్లేదు. కదిలితే వేళ్ళని లాగే తాడు చుట్టూ ఉన్న పొర వాచిందని అనుమానించాలట, మన దగ్గర టీబీ వల్ల కూడా అలా వాచే వాళ్ళున్నారట. పైన చర్మం గడ్డకి అంటుకుందా, కింద ఎముకలా గట్టిగా ఉందా అని నొక్కి చూశారు. తర్వాత గదిలో లైటు ఆపేసి, చిన్న టార్చ్ తీసి గడ్డ పక్కన ఆనించారు. మళ్ళీ అదే వెలుగు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన మాత్రం నవ్వి "ఇదిగో చూడమ్మా, వెలుతురు ఇవతలి నుంచి అవతలికి పోతోంది. లోపల ఉన్నది కండ కాదు, జిగురు. గ్యాంగ్లియన్ సిస్ట్ అంటారు దీన్ని, క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా" అన్నారు. రాత్రంతా నన్ను చంపిన వెలుగే నాకు మంచి వార్త అయింది. వెలుగొక్కటే చూసి తేల్చకూడదని, మెత్తటి కొవ్వు గడ్డలు కూడా కొంచెం వెలుగుతాయని చెప్పి, అల్ట్రాసౌండ్ కూడా తీయించారు. అందులోనూ అదే తేలింది.

కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మణికట్టులో చిన్న చిన్న ఎముకలు ఎనిమిది ఉంటాయి. వాటిలో స్కాఫాయిడ్, లూనేట్ అనే రెంటినీ కలిపి ఉంచే కట్టు దగ్గర నుంచి ఈ గడ్డ పుడుతుంది. చేతి వెనక వచ్చే వాటిలో ఎక్కువ భాగం అక్కడివే. కీలు లోపలి నుంచి సన్నటి తొడిమ లాంటి దారి ఒకటి బయటికి వస్తుంది, దాని గుండా ద్రవం గడ్డలోకి పోతుంది కానీ తేలిగ్గా వెనక్కి రాదు, అక్కడే చిక్కబడుతుంది. చేత్తో పని ఎక్కువైతే ఉబ్బడం, విశ్రాంతి ఇస్తే తగ్గడం కూడా అందుకేనట. ఆ మాట నిజమేనని తర్వాతి నెలల్లో నాకే తెలిసింది. నెలాఖరు లెక్కలప్పుడు నా గడ్డ గోలీకాయంత అయ్యేది, సంక్రాంతి సెలవుల్లో వేలు పెట్టి వెతికితే గానీ దొరికేది కాదు. పెరుగుతూ తగ్గుతూ ఉండటం దీని స్వభావం. చెడ్డ గడ్డలు అలా వెనక్కి తగ్గవు.

మరి తీసేయాలా అని అడిగాను. ఆయన తొందరపెట్టలేదు. ఇంగ్లండులో 2007లో వచ్చిన ఒక పరిశీలన సంగతి చెప్పారు. చేతి వెనక ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళని ఆరేళ్ళ తర్వాత చూస్తే, ఏ వైద్యమూ చేయించుకోని వాళ్ళలో చాలా మందికి గడ్డ దానంతట అదే పోయింది. సూదితో తీయించుకున్న వాళ్ళలో సగానికి పైగా మందికి తిరిగి వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో కూడా నూటికి 39 మందికి మళ్ళీ వచ్చింది. నొప్పి ఉంటేనో, పనికి అడ్డం పడితేనో, నరాన్ని నొక్కి తిమ్మిరెక్కిస్తేనో ఆపరేషన్ ఆలోచిద్దాం, అప్పుడు కూడా తొడిమతో సహా తీయాలి, మచ్చ పడుతుంది, కొన్ని వారాలు చెయ్యి బిగుసుకుంటుంది, నీకు వీటిలో ఏదీ లేదు కదా అన్నారు. ముప్పై అయిదు వేల కాగితం బ్యాగులో పెట్టుకుని ఈ మాటలు విన్నాను.

ఇంటికి రాగానే మా మామయ్యగారు, పాపం మంచి ఉద్దేశంతోనే, "మా రోజుల్లో లావుపాటి పుస్తకం పెట్టి ఒక్క దెబ్బ కొడితే పోయేదమ్మా" అన్నారు. డాక్టరుగారు దాని గురించి ముందే హెచ్చరించారు. దెబ్బకి బుడగ పగిలి జిగురు లోపల చెదురుతుంది, కాబట్టి పోయినట్టే ఉంటుంది. తొడిమ అక్కడే ఉంటుంది కాబట్టి మళ్ళీ నిండుతుంది. మధ్యలో మణికట్టు ఎముక చిట్లిన వాళ్ళున్నారు. మామయ్యగారికి అలాగే చెప్పాను, ఆయన ఇంకెప్పుడూ అనలేదు.

అంత విన్నాక కూడా నేను ఒక తప్పు చేశాను, దాన్ని కూడా చెప్పాలి. ఫాల్గుణంలో మా తమ్ముడి పెళ్ళి. ఫోటోల్లో గడ్డ కనపడుతుందని, ఆ మేనత్త మళ్ళీ చూస్తుందని, సూదితో తీసేయమని డాక్టరుగారి దగ్గర పట్టుబట్టాను. మళ్ళీ వస్తుందమ్మా అని రెండుసార్లు చెప్పి, నా మొహం చూసి ఒప్పుకున్నారు. మత్తు సూది వేసి, తర్వాత లావు సూది గుచ్చారు. సన్న సూదిలోకి అది రాదట. సిరంజిలోకి వచ్చింది చూస్తే అప్పుడే కారిన తుమ్మ జిగురులా ఉంది, అద్దంలా తెల్లగా, తీగలు సాగుతూ. ఒక మిల్లీలీటరు ఉంటుందేమో. ఇంతదానికా నేను రాత్రంతా ఏడ్చింది అనిపించింది. పెళ్ళి బాగా జరిగింది. ఏడు వారాలకి గడ్డ తిరిగి వచ్చి అదే చోట కూర్చుంది.

ఈసారి భయపడలేదు. వదిలేశాను. కీబోర్డు కింద మడిచిన తువ్వాలు పెట్టుకోవడం మానేశాను, దాని మీద ఆనించి చెయ్యి వెనక్కి వంచి కొట్టేదాన్ని. నేల మీద నుంచి లేచేటప్పుడు కుడి అరచెయ్యి ఆనించకుండా అలవాటు చేసుకున్నాను. దాని వల్లే తగ్గిందని నేను అనను, ఈ గడ్డ ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ ఏడాది ఆషాఢంలో మా పాప నా చేతికి గోరింటాకు పెడుతూ "అమ్మా, నీ బఠాణీ ఏది?" అంది. చెయ్యి వంచి చూసుకున్నాను. లేదు. అమ్మని తీసుకుని మంగళగిరి కొండెక్కి మొక్కు తీర్చుకున్నాం. డాక్టరుగారు చెప్పిన లెక్కనీ నేను నమ్ముతాను, స్వామినీ నమ్ముతాను.

అన్ని గడ్డలనీ ఇలా వదిలేయమని మాత్రం నేను చెప్పడం లేదు. రాయిలా గట్టిగా ఉండి కదలకపోయినా, వారాల్లోనే పెరిగిపోతున్నా, రాత్రిళ్ళు నొప్పితో లేపుతున్నా, ఎర్రగా వేడిగా జ్వరంతో ఉన్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా ఆగకుండా చూపించుకోండి. అరచేతి వైపు, బొటనవేలి కింద నాడి చూసే చోట వచ్చిన గడ్డని ఎవరు పడితే వాళ్ళతో గుచ్చించుకోకండి, పక్కనే రక్తనాళం ఉంటుంది. ఏ గడ్డ అయినా పేరేంటో తేల్చుకున్నాకే వదిలేయాలి.

పోయిన నెల మేనత్తగారు ఫోన్ చేశారు. వాళ్ళ కోడలికి ఎడమ మణికట్టు మీద నాలాగే వచ్చిందట, ఆ డాక్టరు ఎక్కడ ఉంటారని అడిగారు. వీధి, మెట్లు, సాయంత్రం టైము అన్నీ చెప్పాను. చివర్లో, "అత్తయ్యగారూ, ఆ అమ్మాయి ముందు మీ తోడికోడలి సంగతి ఎత్తకండి" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదావిడ. తర్వాత, "ఆ రోజు నీతో అన్నానా?" అని అడిగింది. అన్నారండీ అని చెప్పాను.